ఒకరికి ముద్ద దిగదు, ఇంకొకరికి తీపి ఆగదు

డిప్రెషన్ ఉందేమో చూడటానికి డాక్టర్లు, కౌన్సెలర్లు విరివిగా వాడే ప్రశ్నపత్రం ఒకటుంది. దాని పేరు పీహెచ్‌క్యూ-9. అందులో ఉన్నవి తొమ్మిదే ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు వేధించిందో చెబితే, దాన్ని బట్టి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేస్తారు. ఐదో ప్రశ్న తిండి గురించి. ఆకలి లేకపోవడమైనా, అతిగా తినడమైనా ఎన్నాళ్లుగా ఉందని అది అడుగుతుంది. రోజూ రెండు ముద్దలు తిని లేచిపోయే మనిషికీ, అర్ధరాత్రి డబ్బాలోని స్వీట్లు ఖాళీ చేసే మనిషికీ అక్కడ పడేది ఒకే మార్కు.

ఒక జబ్బు ఇద్దరిని చెరో వైపుకి ఎలా లాగుతుంది? చాలాకాలం వైద్యులు కూడా ఒక వైపునే చూశారు. కుంగుబాటు తీవ్రతను కొలవడానికి 1960లో మాక్స్ హామిల్టన్ తయారు చేసిన స్కేలు ఇప్పటికీ పరిశోధనల్లో వాడుకలో ఉంది. అందులో ఆకలి తగ్గడానికీ, బరువు తగ్గడానికీ మార్కులున్నాయి గానీ ఆకలి పెరగడానికి లేవు. అయితే అంతకు ముందటి ఏడాదే, 1959లో, లండన్‌లో వెస్ట్, డాలీ అనే ఇద్దరు డాక్టర్లు వేరే రకం రోగుల గురించి రాశారు. అప్పటి ప్రామాణిక చికిత్సలకు వీళ్లు సరిగా స్పందించలేదు, ఐప్రొనియాజిడ్ అనే మందుకు మాత్రం స్పందించారు. వీళ్ల గురించి రాస్తూ ఆ డాక్టర్లు వాడిన ‘ఎటిపికల్’ అనే మాట తర్వాత ఒక రకం డిప్రెషన్‌కు పేరుగా స్థిరపడింది. అతి ఆకలి, అతి నిద్ర దాని గుర్తులుగా వైద్య గ్రంథాల్లోకి ఎక్కాయి. ఆ రకం అరుదేమీ కాదని ఆ తర్వాత తేలింది. డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు సగం మందికి ఆకలి తగ్గుతుంది, మూడో వంతు మందికి పెరుగుతుంది. మిగిలిన కొద్దిమందిలోనే తిండి మామూలుగా సాగుతుంది.

డాక్టర్ల దగ్గరకు తరచూ వచ్చే రెండు రకాల మనుషులను ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి మనిషి యాభై నాలుగేళ్ల ఆయన. ఆయన వచ్చేది మానసిక వైద్యుడి దగ్గరకు కాదు, పొట్ట డాక్టరు దగ్గరకు. “అన్నం సహించడం లేదు, నోరంతా చప్పగా ఉంటోంది” అంటారు. ఎండోస్కోపీలో ఏమీ దొరకదు. గ్యాస్ మాత్రలతో గుణం కనిపించదు. నెల క్రితం 62 కిలోలున్న బరువు 58కి దిగింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, ఆ తర్వాత నిద్ర పట్టదు. పొద్దున పూట మనసు మరీ భారంగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. కూతురు ఫోన్ చేసినా, మనవడు ఒళ్లో కూర్చున్నా లోపల ఏ కదలికా ఉండదు.

రెండో మనిషి ఇరవై ఏడేళ్ల అమ్మాయి, ఉద్యోగం కోసం ఊరు విడిచి హైదరాబాద్‌లో ఉంటోంది. పది పదకొండు గంటలు నిద్రపోయినా లేవలేకపోతోంది. కాళ్లూ చేతులూ సీసం పోసినట్టు బరువెక్కాయి. మేనేజర్ అన్న చిన్న మాట రోజంతా గుచ్చుతుంది. మంచి వార్త వింటే మాత్రం కాసేపు ముఖం వికసిస్తుంది. రాత్రి పదిన్నరకు ఫోన్ తీసి గులాబ్ జామూన్, ఐస్‌క్రీమ్ ఆర్డర్ పెడుతుంది. తినేటప్పుడు హాయిగానే ఉంటుంది, అరగంటకు బాధ తిరిగొస్తుంది, దానికి సిగ్గు కూడా తోడవుతుంది. మూడు నెలల్లో ఐదు కిలోలు పెరిగింది. ఇంట్లోవాళ్లు “తిండికేం తక్కువ లేదు కదా, నీకు దిగులేమిటి?” అంటారు.

ఇద్దరిదీ డిప్రెషనే. ఆయనది వైద్యులు మెలంకాలిక్ అని పిలిచే రకానికి దగ్గర. ఆమెది ఎటిపికల్.

తిండి విషయంలో మెదడు చేసే పనులు చాలా ఉన్నాయి. ఇక్కడ రెండు తెలుసుకుంటే చాలు. ఒకటి, శరీరం లోపలి కబుర్లు వినడం. పొట్ట ఖాళీ అయిందా, నిండిందా, శక్తి నిల్వలు ఎంత ఉన్నాయి అనే సమాచారం నరాల ద్వారా, హార్మోన్ల ద్వారా వచ్చి ఇన్సులా అనే భాగానికి చేరుతుంది. రెండోది, ఎదుట ఉన్న పదార్థం ఎంత ఊరిస్తోందో లెక్కగట్టడం. ఆ పని రివార్డ్ వ్యవస్థ చేస్తుంది, అందులో డోపమీన్ పాత్ర పెద్దది. ఆకలిగా ఉన్నప్పుడు ఘుమఘుమలాడే పులిహోర ఎదురైతే ఈ రెండూ ఒకే మాట చెబుతాయి, చెయ్యి కంచం మీదికి వెళ్తుంది.

అమెరికాలోని టల్సా నగరంలో కైల్ సిమన్స్ బృందం 2016లో ఈ రెండింటినీ విడదీసి చూసింది. మందులు వాడని డిప్రెషన్ రోగుల్లో ఆకలి పెరిగినవారిని 16 మందిని, తగ్గినవారిని 16 మందిని ఎంచుకున్నారు. పోల్చి చూడటానికి మరో 16 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. స్కానర్‌లో పడుకోబెట్టి తినుబండారాల ఫొటోలు చూపించారు. ఆకలి పెరిగినవారిలో ఆ ఫొటోలకు రివార్డ్ వ్యవస్థ మిగతావారికన్నా గట్టిగా స్పందించింది. ఆకలి తగ్గినవారిలో తేడా ఇంకోచోట కనిపించింది. శరీరం కబుర్లు వినే ఇన్సులా భాగం ఆ ఫొటోల ముందు మందకొడిగా ఉండిపోయింది. అంటే ఒకే మీట ఒకరిలో పైకీ ఇంకొకరిలో కిందకీ జరగడం లేదు. ఇద్దరిలో మారినవి రెండు వేర్వేరు చోట్లు. ఈ అధ్యయనం చిన్నదే. అయినా ఆ పెద్దాయన “ఆకలి వేస్తున్నట్టే తెలియడం లేదు” అన్నప్పుడు నటించడం లేదని, ఆ అమ్మాయి “చూస్తే ఆగలేకపోతున్నా” అన్నప్పుడు సాకు చెప్పడం లేదని నమ్మడానికి అది ఆధారం ఇస్తుంది.

ఆకలి చచ్చిపోవడంలో ఇంకో పొర ఉంది. రుచిలోని సంతోషమే ఇంకిపోవడం. దీన్ని ప్రయోగశాలలో ఎలుకల మీద చూశారు. ఎలుకలకు మామూలు నీళ్లు ఒక సీసాలో, కొద్దిగా పంచదార కలిపిన నీళ్లు ఇంకో సీసాలో పెడితే అవి తీపి నీళ్లనే ఎంచుకుంటాయి. పాల్ విల్నర్ బృందం 1987లో ఎలుకలను వారాల తరబడి చిన్న చిన్న ఇబ్బందులకు గురిచేసింది. పంజరాన్ని ఒక పక్కకు వంచడం, పరుపు తడిగా ఉంచడం, వెలుగు చీకట్ల వేళలు మార్చడం లాంటివి. ఏ ఒక్కటీ పెద్ద హింస కాదు, కానీ తెరిపి లేదు. కొన్ని వారాలకు ఎలుకలు తీపి నీళ్ల మీద మోజు పోగొట్టుకున్నాయి. డిప్రెషన్ మందు వారాల పాటు ఇస్తే ఆ మోజు తిరిగొచ్చింది. మనసు కుంగినప్పుడు పాయసం కూడా చప్పగా అనిపించడం వెనుక ఇలాంటి మార్పే ఉంటుంది. నాలుక తీపిని గుర్తిస్తుంది. ఆ తీపి నుంచి రావలసిన ఆనందమే రాదు.

దీనికి ఒత్తిడి హార్మోన్లు తోడవుతాయి. ఒత్తిడి రాగానే మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో చివరికి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ వస్తుంది. వీటిలో సీఆర్‌హెచ్ ఆకలిని అణిచేస్తుంది. పరీక్ష హాలు బయట నిలబడ్డ విద్యార్థికి ఇడ్లీ గొంతు దిగకపోవడంలో దాని పాత్ర ఉంది. కార్టిసాల్ పని వేరు. ఒత్తిడి రోజుల తరబడి సాగితే అది ఆకలిని లేపుతుంది, ముఖ్యంగా తీపి, కొవ్వు పదార్థాల వైపు మళ్లిస్తుంది. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసిన ఫిలిప్ గోల్డ్, జార్జ్ క్రూసోస్ ఒక వివరణ ఇచ్చారు. మెలంకాలిక్ రకంలో ఈ ఒత్తిడి వ్యవస్థ ఆగకుండా మోగుతూనే ఉంటుంది, సీఆర్‌హెచ్ ఎక్కువగా ఉండి ఆకలినీ నిద్రనూ చెదరగొడుతుంది. ఎటిపికల్ రకంలో అదే వ్యవస్థ మందగిస్తుంది, అందుకే ఆకలీ నిద్రా పెరిగి శరీరం బరువెక్కుతుంది. సిమన్స్ బృందం 2018లో రక్త పరీక్షలు చూసినప్పుడు కార్టిసాల్ ఆకలి తగ్గినవారిలోనే ఎక్కువగా కనిపించింది. ఆకలి పెరిగినవారిలో కనిపించినవి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, లెప్టిన్ పెరగడం, ఒంట్లో వాపును సూచించే పదార్థాలు పెరగడం.

ఇన్ని ఆహారాలుండగా మనసు తీపి వైపే ఎందుకు పరుగెడుతుంది? దీనికి బాగా ప్రచారంలో ఉన్న జవాబు సెరటోనిన్. మెదడు సెరటోనిన్‌ను ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారిలో ఒకే గేటు దగ్గర ట్రిప్టోఫాన్‌తో పాటు మరికొన్ని అమైనో ఆమ్లాలు కూడా క్యూ కడతాయి. పంచదార, పిండి పదార్థాలు తింటే ఇన్సులిన్ విడుదలై, మిగతా అమైనో ఆమ్లాలను కండరాల్లోకి పంపేస్తుంది. క్యూ పలచబడి ట్రిప్టోఫాన్ లోపలికి ఎక్కువగా చేరుతుంది. అమెరికాలోని ఎంఐటీలో రిచర్డ్ వర్ట్‌మన్, జుడిత్ వర్ట్‌మన్ దంపతులు ఈ దారిని వివరించి, తీపి తినడం మనిషి తనకు తెలియకుండా చేసుకునే వైద్యం కావచ్చని ప్రతిపాదించారు.

వినడానికి ఇది చక్కగా అమరిన వివరణ. కానీ అసలు తిండి దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. భోజనంలో కొద్దిపాటి ప్రోటీన్ ఉన్నా ఆ గేటు దగ్గర క్యూ మళ్లీ పెరుగుతుంది. లడ్డూలో శనగపిండి ఉంది, పాలకోవాలో ఉన్నదంతా పాలే, ఐస్‌క్రీమ్‌లోనూ పాలే. ఆ అమ్మాయి తినే వాటిలో ప్రోటీన్ లేనివి దాదాపు ఉండవు. పైగా తిన్నది జీర్ణమై మెదడులో మార్పు రావడానికి గంట పైనే పడుతుంది. ఆమెకు ఊరట మొదటి చెంచాతోనే వస్తోంది. 2019లో ఒక పరిశోధన బృందం 31 అధ్యయనాలను కలిపి చూసింది, వాటిలో మొత్తం 1,259 మంది పాల్గొన్నారు. పంచదార వల్ల ఏ దశలోనూ మనసు మెరుగుపడలేదు. అరగంటలోపు అలసట పెరిగింది, గంటలోపు చురుకుదనం తగ్గింది.

మరి ఆ మొదటి చెంచా హాయి ఎక్కడిది? ఒకటి, తీపి నాలుకను తాకగానే రివార్డ్ వ్యవస్థ అందించే సుఖం. జీర్ణం కోసం అది ఆగదు. రెండోది, ఒత్తిడి వ్యవస్థ మీద తీపి వేసే కళ్లెం. కాలిఫోర్నియాలో మేరీ డాల్‌మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలు, తీయటి, కొవ్వు ఆహారం దొరికినప్పుడు ఒత్తిడి స్పందన తగ్గుతుందని చూపాయి. 2015లో 19 మంది మహిళల మీద ఇలాంటిదే చేశారు. 12 రోజులు కొందరు పంచదార పానీయాలు, మిగతావారు కృత్రిమ తీపి పానీయాలు తాగారు. తర్వాత అందరికీ చిక్కు లెక్కల పరీక్ష పెట్టారు. పంచదార తాగినవారిలో ఆ ఒత్తిడికి కార్టిసాల్ తక్కువగా పెరిగింది. తీపి బాధను తీసేయదు, ఒత్తిడి అలారం శబ్దాన్ని కాసేపు తగ్గిస్తుంది. అందుకే అది మళ్లీ మళ్లీ పిలుస్తుంది. ఆ కాసేపు కోసం చేసే పని కొన్ని వారాల్లో అలవాటవుతుంది. క్రమంగా కోరిక పెరుగుతుంది, తిన్నప్పటి సంతోషం మాత్రం పెరగదు. మెదడులో కోరుకోవడం, ఆస్వాదించడం అనేవి వేరు వేరు దారులని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ దశాబ్దాలుగా చూపుతున్నారు. “తినాలని ఉంటుంది గానీ తింటే ఏమీ అనిపించదు” అని కొందరు చెప్పేది దీన్నే.

ఆకలి పోవడం డిప్రెషన్ ఫలితమే కాదు, డిప్రెషన్‌ను లోతుగా తవ్వే కారణం కూడా కాగలదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండే పెట్టారు. వాళ్లంతా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు. బరువుతో పాటు వాళ్ల మనసూ కుదేలైంది. దిగులు, చిరాకు, ఒంటరితనం, దేని మీదా ఆసక్తి లేకపోవడం కమ్ముకున్నాయి. మొదట్లో మంచి మానసిక ఆరోగ్యంతో ఉన్నవాళ్లకే ఆ స్థితి వచ్చింది. కాబట్టి ఆ పెద్దాయన బరువు నాలుగు కిలోలు పడిపోవడాన్ని పక్కన పెట్టి ‘మనసు బాగుపడితే తిండి అదే తింటాడు’ అనుకోవడం పొరపాటు. అటు వైద్యమూ, ఇటు తిండీ కలిసి నడవాలి.

ఎప్పుడు జాగ్రత్తపడాలి? డిప్రెషన్ నిర్ధారణకు మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 ఒక కొలత చెబుతుంది. డైటింగ్ చేయకుండా ఒక్క నెలలో ఒంటి బరువు ఐదు శాతానికి మించి తగ్గినా పెరిగినా, లేదా దాదాపు ప్రతిరోజూ ఆకలి తగ్గినా పెరిగినా, అది ఒక లక్షణం. 62 కిలోల మనిషికి ఐదు శాతం అంటే మూడు కిలోల పైచిలుకు. ఆ పెద్దాయన నాలుగు కిలోలు తగ్గారు కాబట్టి ఆ గీత దాటారు. అమ్మాయి బరువు మూడు నెలల్లో పెరిగింది కాబట్టి నెల లెక్కన చూస్తే గీత లోపలే ఉండొచ్చు. కానీ రోజూ ఆకలి పెరగడం ఒక్కటే ఆ లక్షణానికి చాలు. ఇది ఒంటరిగా డిప్రెషన్‌ను తేల్చదు. దిగులు గానీ, ఆసక్తి లేకపోవడం గానీ కచ్చితంగా ఉండాలి. వాటిని కలుపుకుని తొమ్మిదింటిలో కనీసం ఐదు లక్షణాలు రెండు వారాలు ఉండాలి. పెళ్లి భోజనాల నెలలో బరువు పెరిగితే, పరీక్షల వారంలో ఆకలి తగ్గితే అది డిప్రెషన్ కాదు.

డాక్టరు ముందుగా శరీర జబ్బులను తోసిపుచ్చాలి. థైరాయిడ్ మందగిస్తే దిగులు, నిద్రమత్తు, బరువు పెరగడం మూడూ వస్తాయి. అది అమ్మాయి విషయంలో టీఎస్‌హెచ్ పరీక్షతో తేలుతుంది. పెద్దాయన వయసులో కారణం లేకుండా బరువు తగ్గితే షుగర్, క్షయ, క్యాన్సర్ లేవని చూసుకోవాలి. కొన్ని మందులు కూడా ఆకలిని మారుస్తాయి, అందువల్ల వాడుతున్న మాత్రలన్నీ డాక్టరుకు చూపించాలి. అమ్మాయిని ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర అవసరం లేకుండా విపరీతమైన హుషారు వచ్చిందా? వస్తే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు మామూలు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు అటు పక్కకు ఎగిసిపోయే ప్రమాదం ఉంది.

మందుల ఎంపికలోనూ ఆకలి లెక్కలోకి వస్తుంది. మిర్టజపీన్ రాత్రిపూట వేసుకుంటే నిద్ర పడుతుంది, చాలామందిలో ఆకలి పెరుగుతుంది. ఆ పెద్దాయన లాంటివారికి అది డాక్టర్లు ఆలోచించే మందుల్లో ఒకటి. అదే మందు అమ్మాయికి ఇస్తే ఇంకో ఐదు కిలోలు పెరిగే అవకాశం ఉంది. పాత మందు అమిట్రిప్టిలీన్ కూడా బరువు పెంచేదే. ఫ్లూక్సెటిన్ మొదట్లో ఆకలి కాస్త తగ్గిస్తుంది. ఏది ఎవరికి అన్నది డాక్టరు తేల్చాలి, పక్కింటివారి చీటీ చూసి కొనుక్కోకూడదు. “మందు వేసుకున్నాక బరువు పెరుగుతోంది” అని చెప్పకుండా సొంతంగా ఆపేయడం మరీ ప్రమాదం. చెబితే డాక్టరు మందు మార్చగలరు.

ఆకలి పోయిన మనిషికి ఇంట్లో చేయగలిగింది కంచం నిండా వడ్డించి, “ఇంకొక్క ముద్ద” అని బతిమాలడం కాదు. ఇన్సులా ఆకలిని చెప్పడం మానేసింది కాబట్టి గడియారం చెప్పాలి. మూడు పెద్ద భోజనాల బదులు ఐదారు చిన్నవి, ఆకలి వేసినా వేయకపోయినా అదే వేళకు. తాగేవి నమలాల్సిన వాటికన్నా సులువుగా దిగుతాయి. పెసరపప్పు వేసిన జావ, నెయ్యి వేసిన మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, పాలు, గుడ్డు, అరటిపండు లాంటివి. కొద్దిగా తిన్నా శక్తినిచ్చేవి ముందు పెట్టాలి. వారానికోసారి అదే తూకం మీద, అదే వేళకు బరువు చూసి రాసుకుంటే డాక్టరుకు పని సులువవుతుంది.

తీపి యావ ఉన్నవారికి ‘నోరు కట్టుకో’ అన్న సలహా పనిచేయదు. పగలంతా ఏమీ తినకుండా గడిపి రాత్రికి కూలబడటం ఈ యావను ఎక్కువ చేస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి పెంచే గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ అమ్మాయిది అతి నిద్ర అయినా, వేళాపాళా లేని నిద్ర అయితే వేళలు కుదర్చడం ముఖ్యం. పొద్దున పెసరట్టో, గుడ్డో, శనగలో కడుపులో పడాలి. తీపిని పూర్తిగా నిషేధించకుండా భోజనం తర్వాత, కూర్చుని, ఒక్కటే తినడం నేర్చుకోవడం మేలు. ఏ వేళలో, ఏం జరిగాక కోరిక లేస్తోందో రెండు వారాలు రాసుకుంటే దాని వరస కనిపిస్తుంది. కౌన్సెలర్ ఆ వరస మీదే పనిచేస్తారు. ఈ రకం డిప్రెషన్‌లో ఇన్సులిన్ పని దెబ్బతినే సూచనలున్నాయి కాబట్టి, ముఖ్యంగా ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉంటే, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం అవసరం.

తిండి సర్దుబాట్లు చికిత్సకు తోడు మాత్రమే, చికిత్సకు బదులు కాదు. ఆకలి రెండు వారాలకు మించి ఎటు మారినా, దానితో పాటు మనసు కుంగి ఉంటే, మానసిక వైద్యుడిని కలవాలి. వెంటనే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ సహాయ కేంద్రం 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మనిషి మంచినీళ్లు కూడా ముట్టని స్థితికి వస్తే, లేదా చనిపోవాలని ఉందంటే, అది ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసరం.